పాతికమందిలో ఒక్కరు

పదో తరగతి ఫలితాలు వచ్చే రోజున పలాసలో నాలాంటి విలేకరికి అన్నం తినే తీరిక ఉండదు. పొద్దున్న పదిన్నరకో పదకొండింటికో ఫలితాలు విడుదలవుతాయి. అప్పట్నుంచి హెడ్మాస్టర్లు ఫోన్లు చేస్తూనే ఉంటారు. ఎంతమంది రాశారు, ఎంతమంది గట్టెక్కారు, శాతమెంత, మొదటి మార్కు ఎవరిది. అవన్నీ ఒక కాగితం మీద మండలాలవారీగా రాసుకుని, సాయంత్రం నాలుగులోగా శ్రీకాకుళం డెస్కుకు పంపాలి. నూటికి నూరు వచ్చిన బళ్లు ఒక పెట్టెలో, అడుగున ఉన్న బళ్లు ఇంకో పెట్టెలో. ఇరవై రెండేళ్లు అలాగే పంపాను. ఏ పెట్టెలోకి పోయే బడిలోనైనా పిల్లలు ఉంటారన్న సంగతి నాకు తెలుసు. తెలిసినా అది నా పనిలో భాగం అనుకోలేదు.

ఆ ఏడు బారువకు దక్షిణాన, ఉద్దానం తీరంలో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. పాతికమంది రాశారు. ఇరవై నలుగురు పాసయ్యారు.

"ఒక్కరండీ సార్, ఒక్కరు! నూరు చేతికొచ్చి జారిపోయింది" అన్నాడు. గొంతులో ఏడుపు ఉంది.

"దేంట్లో పోయారు?"

"లెక్కల్లో. ఆడపిల్ల. వేటకెళ్లే వాళ్ల పిల్ల. ఏడాదంతా కూర్చోబెట్టి చెప్పించానండీ."

నేను పేరు అడగలేదు. ఆయన చెప్పబోతే వద్దన్నాను కూడా. తప్పిన పిల్లల పేర్లు రాయకూడదన్నది నాకు తెలిసిన నియమం. అది పాటించాననే తృప్తితోనే ఈ వాక్యం రాశాను: 'మత్స్యకార కుటుంబానికి చెందిన ఒక విద్యార్థిని గణితంలో ఉత్తీర్ణత సాధించలేకపోవడంతో ఆ పాఠశాల నూరు శాతం ఫలితాన్ని త్రుటిలో కోల్పోయింది.' బాగా కుదిరిందనిపించింది. 'త్రుటిలో' అన్న మాట దగ్గర ఒక క్షణం ఆగి, బావుందనుకుని ముందుకెళ్లాను. డెస్కువాళ్లు దానికి శీర్షిక పెట్టారు: 'ఒక్కరు తప్ప!'

శీర్షిక వాళ్లది. వాక్యం నాది. ఈ తేడాను చాన్నాళ్లు పట్టుకుని వేలాడాను.

మర్నాడు ఎనిమిదింటికి ఆ ఊళ్లో మా పత్రిక వేసే ఏజెంటు ఫోన్ చేశాడు. నాకు వరసకు బావ అవుతాడు.

"ఏటి బావ, ఏటి రాసేవు ఇయాల? ఎప్పుడూ నాలుగు మిగుల్తాయి. ఇయాల ఒక్కటి లేదు."

"అమ్ముడుపోయాయా?"

"అమ్ముడుపోడం కాదెహె. నువ్వొచ్చి సూడు. నాకేటో బాగోలేదు."

ఏం బాగోలేదో చెప్పలేదు. నేను ఎలాగూ వెళ్లాల్సిందే. ఆ బడి మీద ఫొటోతో ఇంకో వార్త కావాలని డెస్కు అడిగింది. హెడ్మాస్టరు తాళాలు తీసుకుని పదకొండున్నరకు వస్తానన్నాడు.

బండి మీద మందస దాటి, తోటల్లోంచి తీరం దారి పట్టాను. వైశాఖపు ఎండ. జీడితోటల్లో రాలిన పళ్లు కుళ్లి తియ్యటి, పులిసిన వాసన దారంతా కమ్ముకుని ఉంది. ఆ రోజుల్లో తోటల్లో పిక్కలు ఏరేవాళ్ల కేకలు వినిపిస్తూనే ఉంటాయి. ఆరోజు ఎవరూ కేకలు వేసుకోవడం లేదు. ఏరుతున్నారు, కాని మాట్లాడుకోవడం లేదు. అది ఎండ వల్ల అనుకున్నాను.

ఊరి మొదట్లో టీ కొట్టు ఉంది. ఏజెంటు బావ అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. పక్కనున్న పత్రికను నా వైపు జరిపాడు.

అది ఆనాటి మా పత్రికే. జిల్లా పేజీ తెరిచాను. కింద కుడివైపున నా వార్త ఉండాల్సిన చోట కన్నం ఉంది. కత్తెరతో నాలుగు పక్కలా తిన్నగా కోసిన కన్నం. అందులోంచి వెనక పేజీలోని ఏదో సిమెంటు ప్రకటన ముక్క కనిపిస్తోంది.

"ఎవరు కోశారు?"

"ఆ తప్పిన పిల్ల అమ్మ" అన్నాడు బావ, నా మొహం చూడకుండా. "తెల్లారగట్ల నాకాడికి వొచ్చినాది. ఈ పేపరు ఎవులెవులింటికి ఏత్తావో సెప్పు అనడిగినాది. సెప్పీసేను. ఎండుసేపల గంప నెత్తినెట్టుకుని ఇంటింటికీ ఎల్లినాది. సేపలు అమ్మలేదు. పేపరిమ్మంది, కోసుకుంది, మల్లీ మడతెట్టి ఇచ్చీసినాది. అందరిళ్లలోనూ అంతే."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"ఏటంటారు? ఎవులూ ఏటీ అన్లేదు. అదే నాకు బాగోలేదు బావ. తిట్టుకున్నా బాగున్ను."

టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ ఉండిపోయాడు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఇద్దరు ముసలివాళ్లు పత్రిక చదువుతున్నారు. ఒకాయన పత్రికను మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుంటే ఆ కన్నంలోంచి ఆయన కన్ను నా వైపు చూస్తూ కనబడింది. కావాలని చూశాడో లేదో చెప్పలేను.

"పేపరు కోసినంత మాత్రాన అయిపోద్దేటి?" అన్నాడు బావ ఫోన్ తీస్తూ. "ఇల్లిదిగో. అందరి ఫోన్లోనూ ఉన్నాది. వాళ్ల నాన్న గుజరాత్ బోటు మీదున్నాడు. ఆడి బోటోలకీ ఎల్లిపోనాది. నడిసముద్రంలోకి ఎల్లిపోనాది బావ నీ ముక్క."

ఫోన్లో నా వాక్యం చూశాను. దాని కింద ఎవరో ఎర్రగీత గీశారు. పేరు లేదు. పేరు అక్కర్లేదు. ఆ బడిలో పది చదివిన పాతికమందిలో వేటకెళ్లే ఇళ్ల ఆడపిల్లలు ఎంతమందో, వాళ్లలో ఎవరికి లెక్కలు రావో ఆ ఊళ్లో నడక నేర్చిన వాళ్లందరికీ తెలుసు. పలాసలో కూర్చున్న నాకే తెలియలేదు. నేను పేరు దాచానని మురిసిపోయాను. నిజానికి వేలు పెట్టి చూపించాను.

బడి ఎటని నేను ఎదురొచ్చిన ఆవిడను అడిగితే, ఆవిడ నా మెళ్లో కార్డు చూసి, "పేపరోలా? అల్లదిగో ఆ ఇల్లు" అని చెయ్యి చూపించి వెళ్లిపోయింది. నేను బడి అడిగాను. ఇంకొంచెం ముందుకెళ్లి ఇంకొకరిని అడిగాను. ఆయనా అదే ఇల్లు చూపించాడు. ఊరంతా కలిసి నన్ను ఒకే గుమ్మంలోకి నెడుతున్నట్టుంది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. గుమ్మంలో ఆ తల్లి కూర్చుని ఉంది. పక్కన గంప. ఒళ్లో కాగితపు ముక్కల దొంతర, అన్నీ ఒకే కొలత. ఒకే వాక్యం పదేపదే ఒకదాని మీద ఒకటి.

నేను ఎవరినని ఆవిడ అడగలేదు.

"ఇంకెన్ని ఏసేరు బాబూ?" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఈ ఊర్లోవన్నీ అయిపోనాయి. బారువలోనూ ఏసేరా? టెక్కలి? భావనపాడులో మా అక్కుంది. అక్కడికీ ఎల్లుంటాదా?"

"జిల్లా అంతా అమ్మా."

ఆవిడ తలూపింది. కోపం లేదు. దారి దూరమన్న లెక్క మాత్రమే ఆ మొహంలో ఉంది. "అయితే పొద్దున్నే బయలెల్లాల" అంది. కత్తెరను కొంగుతో తుడిచి గంపలో పెట్టుకుంది.

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. తప్పయిందన్నాను. ఆ మాట అంటున్నప్పుడే అది ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో విని సిగ్గుపడ్డాను.

"పాప ఏం చేస్తోంది?"

"లోపలుంది. నిన్నట్నుంచి మాటాడ్డం లేదు. అలాగే గోడకి తిరిగి కూకున్నాది."

"నేను ఒకసారి మాట్లాడవచ్చా?"

ఆవిడ తలుపు తోసింది. లోపల చీకటిగా ఉంది. గోడకు తిరిగి కూర్చున్న చోట చాప ఉంది. చాప మీద ఎవరూ లేరు. పెరటి తలుపు తెరిచి ఉంది.

ఆ తర్వాతి అరగంట నాకు ఇప్పటికీ సరిగా గుర్తు రాదు. తల్లి సముద్రం వైపు పరుగెత్తింది. నేను వెనకాల. ఒడ్డున పడవలు బోర్లించి ఉన్నాయి. ఇసుక కాళ్లు కాలుస్తోంది. చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఒకరి తర్వాత ఒకరు మా వెనక నడవడం మొదలెట్టారు. వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డు పొడవునా జనం. అంతమంది నడుస్తుంటే కూడా కెరటాల చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఓలమ్మా! ఓలమ్మా!" అని తల్లి ఒక్కతే పిలుస్తోంది. పేరు పెట్టి పిలవడం లేదు. నాకు ఆ పిల్ల పేరు అప్పటికీ తెలియదు. పిలుద్దామన్నా నా దగ్గర పేరు లేదు. 'ఒక విద్యార్థిని' ఉంది.

సరుగుడు తోపులోకి మళ్లాం. ఆ తోపులో మిట్టమధ్యాహ్నం కూడా నీడ ఊగుతూ ఉంటుంది. గాలికి సరుగుళ్లు చేసే చప్పుడు అచ్చం ఎవరో దగ్గర్లో ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. రెండుసార్లు ఆమె అనుకుని ఆగాను.

అప్పుడు ఫోన్ మోగింది. హెడ్మాస్టరు.

"సార్, బడి దగ్గరికి రండి. ఆ పిల్ల ఇక్కడుంది. బాగానే ఉంది. జనాన్ని తీసుకురాకండి."

తల్లికి చెప్పాను. ఆవిడ వెంటనే బడి వైపు మళ్లింది. ఎప్పుడొచ్చి మాతో కలిశాడో, వెనకున్న వాళ్లకు బావ చేతులడ్డం పెట్టి, "ఇంకెల్లండి, ఎల్లండర్రా. ఏటుంది సూడ్డానికి, సినిమాయా?" అని అరిచాడు. ఆ రోజు ఆ ఊళ్లో నేను విన్న మొదటి మామూలు మాట అది.

బడికి వేసిన తాళం వేసినట్టే ఉందట. వెనక కిటికీకి రెండు ఊచలు ఊడిపోయి చాలా కాలమైంది. పిల్లలు బంతి లోపల పడితే అందులోంచే దూరతారు. పదో తరగతి గదిలో, మూడో బెంచీలో, చివర ఆమె కూర్చుని ఉంది. వేసవి సెలవుల బడి. యూనిఫాం వేసుకుని వచ్చింది. రెండు జడలు, రిబ్బన్లు. ఎదురుగా టీచరు ఉన్నట్టే బోర్డు వైపు చూస్తోంది.

హెడ్మాస్టరు గుమ్మంలోనే నిలబడిపోయి ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని బోర్డు చూడమన్నట్టు తలెత్తాడు.

నల్లబోర్డు మీద ఒక మూల, రోజూ పిల్లల సంఖ్య రాసే గడి ఉంటుంది. మొత్తం ఎంతమంది, వచ్చింది ఎంతమంది. ఆఖరి పనిదినం నాటి అంకెలు ఇంకా ఉన్నాయి. మొత్తం అన్నచోట ఇరవై ఐదును వేలితో చెరిపి, ఇరవై నాలుగు రాసి ఉంది. హాజరు ఇరవై నాలుగు. దాని కింద శుభ్రంగా, గుండ్రంగా, నూరు శాతం.

"అదేటమ్మా రాసేవు?" అంది తల్లి.

"నన్ను తీసీసేనమ్మా" అంది ఆ పిల్ల. గొంతు మామూలుగా ఉంది, లెక్క అప్పజెబుతున్నట్టు. "నన్ను తీసీత్తే నూరయిపోద్ది. సారుకీ మాట రాదు. బడికీ మంచిది. సరిపోయిందా సార్?"

ఆమె లెక్కల్లో తప్పిన పిల్ల. ఆ లెక్కలో తప్పు లేదు.

పాతికమందిలో ఒకరంటే నాలుగు శాతం. నేను అంత చిన్న బడికి కూడా పెద్ద బళ్లకు వేసినట్టే శాతం వేసి, ఆ నాలుగు అంకెకు కాళ్లూ చేతులూ, అమ్మా నాన్నా ఉంటారని చూసుకోకుండా పత్రికలో పెట్టాను. ఆమె దాన్ని చదువుకుని మిగతా పని పూర్తిచేసింది. అంతే. ఆ గదిలో నిలబడ్డప్పుడు నాకు భయమేసింది. ఆమె ఏం చేస్తుందోనన్న భయమొకటి. నా వాక్యాన్ని ఇలా ఎంతమంది పూర్తిచేసి ఉంటారోనన్నది ఇంకొకటి. ఇరవై రెండేళ్ల వాక్యాలు.

హెడ్మాస్టరు వెళ్లి ఆమె పక్క బెంచీ మీద కూర్చున్నాడు. "ఆ మాట నాదేనండీ" అన్నాడు నాతో, కాని ఆమెకు వినబడేట్టు. "అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు స్టాఫ్ రూంలో అన్నాను. ఈ ఒక్కదాన్ని పక్కన పెడితే మనకి నూరేనని. పరీక్ష ఫీజు కట్టించకుండా ఆపుదామని కూడా అనుకున్నాను. విని ఉంటుంది." తర్వాత ఆమె వైపు తిరిగి, "సప్లిమెంటరీకి ఫీజు కట్టాలమ్మా. రోజులు లేవు. నా లాగిన్‌లోంచే కడతాను. మే నెలంతా ఇక్కడే క్లాసులు పెడతాం" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. నా మెళ్లో కార్డు చూసింది.

"మీరేనా రాసింది?"

"నేనే."

"సప్లిమెంటరీ రిజల్టు కూడా రాత్తారా?"

"రాయను. దీనికి సవరణ రాస్తాను. రేపే."

"వొద్దు" అంది. "మల్లీ రాయకండి. ఏటి రాసినా మల్లీ నానే అవుతాను."

అది నాకు తట్టలేదు. సవరణ రాసి, నాలుగు మంచి మాటలు కలిపి, ఆ పిల్ల పట్టుదల గురించి ఒక పేరా రాసి చేతులు కడుక్కుందామని అప్పటికే మనసులో మొదలెట్టాను. మొదటి వాక్యం కూడా కుదిరింది. ఆమె దాన్ని అక్కడే చంపేసింది.

"మీ పేపరు రాయకపోతే ఇంకో పేపరు రాత్తాది కదా" అంది.

మిగతా పత్రికల వాళ్లను అడుగుతానన్నాను. అడగడం వరకే నా చేతిలో ఉందన్నాను. అది నిజం కాబట్టేనేమో ఆమె తల దించుకుంది. తల్లి పక్కన కూర్చుని జడ సర్దింది. మళ్లీ రాస్తానని ఆమె అనకపోవడంతో ఫీజు విషయం ఆ గదిలో తేలలేదు. రెండు రోజులు టైముందని హెడ్మాస్టరు అన్నాడు.

పలాస తిరిగి వచ్చి డెస్కుకు ఫోన్ చేశాను. మా వెబ్‌సైట్లో ఉన్న వార్తలోంచి ఆ వాక్యం తీయించగలిగాను. అచ్చయిన పేజీని, ఫోన్లలో తిరిగే బొమ్మను ఏమీ చేయలేమన్నారు. ఫొటో వార్త ఏదని అడిగారు. లేదన్నాను. కారణం చెబితే, "మీరు పేరు రాయలేదు కదండీ, ఇంకేం?" అన్నారు. రెండ్రోజుల క్రితం నేనూ అదే అనేవాణ్ని.

మర్నాడు పలాస, టెక్కలి విలేకరులను టీ దగ్గర కలిశాను. నలుగురం ఉంటే ముగ్గురు నవ్వారు.

"ఏటి మావ, సన్నాసుల్లో కలిసిపోనావా? పర్సంటేజీ లేకుండా రిజల్ట్సేటి?"

"జిల్లా శాతం రాద్దాం. చిన్న బళ్లకు వద్దు. ఒకరో ఇద్దరో తప్పిన బడి పేరు అసలే వద్దు. సప్లిమెంటరీకి బళ్లవారీ లెక్క వద్దు" అన్నాను.

"మరి హెడ్మాస్టర్లే పంపుతారు కదా, ఎయ్యకపోతే కోపం."

"నేను వాళ్లతో మాట్లాడతాను."

ఆ పిల్ల సంగతి చెప్పలేదు. చెబితే వాళ్లు వింటారు, కాని అది మళ్లీ ఒక కథయి ఊళ్లోకి వెళ్తుంది. కారణం చెప్పకుండా బతిమాలడం నాకు అలవాటు లేని పని. ఇద్దరు సరేనన్నారు. మూడో ఆయన చూద్దామన్నాడు. నాలుగోవాణ్ని నేను.

ఆ సాయంత్రం సప్లిమెంటరీ గురించి ఒక వార్త పంపాను. ఫీజుకు ఆఖరు తేదీ, ఎవరికి కట్టాలి, రీకౌంటింగ్ ఎలా పెట్టుకోవాలి, మేలో క్లాసులు ఎక్కడ, సప్లిమెంటరీలో పాసైతే అదే ఏడాది ఇంటర్లో చేరవచ్చన్న సంగతి, మనసు బాగోలేని పిల్లలు ఫోన్ చేసే హెల్ప్‌లైన్ నంబరు. బడి పేరు లేదు, పిల్లల పేర్లు లేవు, ఏడ్చే ఫొటో లేదు. డెస్కు దాన్ని మూడు అంగుళాలకు కుదించి వేసింది. నేను రాసినవాటిలో అంత పొడిగా ఉన్నది ఇంకోటి లేదు. అందులో 'త్రుటిలో' లాంటి మాట పట్టే చోటే లేదు.

గడువు రోజు మధ్యాహ్నం దాకా హెడ్మాస్టరు దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. నేను చేయడానికి ధైర్యం చాలలేదు. నాలుగు దాటాక ఆయనే చేశాడు.

"వచ్చిందండీ. నడిరోడ్డు మీద నడిచి వచ్చింది. వాళ్లమ్మ వెనకాల దూరంగా. దారిలో ఎవరో ఏదో అన్నారట, ఆగి ఆయన్నే చూసిందట. ఫీజు కట్టేశాను."

సప్లిమెంటరీ ఫలితాలు వచ్చిన రోజు మళ్లీ ఫోన్ మోగింది. ఆయన గొంతు వినగానే, "సార్, చెప్పకండి" అన్నాను.

"మంచిదేనేమోనండీ!"

"ఏదైనా వద్దు. నాకు తెలిస్తే నేను రాస్తాను."

"సరే. ఒక్కటి చెబుతాను, అది రిజల్టు కాదు" అన్నాడు. "మార్కుల షార్ట్ మెమో ప్రింటు తీసుకోడానికి పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఇదిగో, మీతో మాట్లాడుతున్నానని తెలిసి, మాట్లాడతానంటోంది. ఇవ్వమంటారా?"

ఇవ్వండన్నాను.

"సార్" అంది. వెనకాల ఎవరో బల్లలు జరుపుతున్న చప్పుడు. "మావూరి కాడ తప్పినోలు ఇంకా ముగ్గురున్నారు, కిందటేటోలు. మల్లీ పరీచ్చ రాయాలంటే ఫీజు ఎప్పుడు కట్టాలో ఆలకి తెలీదంట. మీరు అప్పుడేసిన ఆ చిన్న ముక్క మల్లీ ఏత్తారా? నానే కోసి ఆలకి ఇత్తాను."

వేస్తానన్నాను. వచ్చే పరీక్షకు ఫీజు ఎప్పుడు, ఎవరికి కట్టాలో కనుక్కుని ఆ రోజే పంపాను.